యాసంగి నారుకు 40 రోజులెందుకు?

వానాకాలంలో మూడు వారాలకే నాటుకు వచ్చే వరి నారు, ఉత్తర తెలంగాణ చలిలో యాసంగికి పోస్తే నెల దాటినా ఎదగదు. విత్తనం మంచిది కాదేమోనని అనుమానం వస్తుంది, యూరియా చల్లుతారు. చాలాసార్లు లోపం విత్తనంలోనూ ఎరువులోనూ ఉండదు, నారుకు అందిన వేడిలో ఉంటుంది. ఆ వేడిని అంకెల్లో చూపే లెక్కే గ్రోయింగ్ డిగ్రీ డేస్. వాటిని డిగ్రీ-రోజులు అందాం.

ప్రతి పైరుకూ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకంటే చల్లబడితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. దాన్ని ఆధార ఉష్ణోగ్రత అంటారు. వరికి సాధారణంగా 10 డిగ్రీల సెల్సియస్ తీసుకుంటారు. రోజులోని గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు నుంచి ఈ 10 తీసేస్తే మిగిలేదే ఆ రోజు పైరుకు పనికొచ్చిన వేడి. దాన్ని రోజురోజుకూ కూడుకుంటూ పోవాలి. పంట పక్వానికి రావడాన్ని ఇలా ఉష్ణోగ్రతల మొత్తంతో ముడిపెట్టవచ్చని ఫ్రెంచి శాస్త్రవేత్త రేమూర్ 1735లోనే చెప్పాడు.

ఒక నమూనా లెక్క చూద్దాం. జులైలో గరిష్ఠం 33, కనిష్ఠం 25 అనుకుంటే సగటు 29, రోజుకు 19 డిగ్రీ-రోజులు. 21 రోజుల్లో సుమారు 400 అవుతాయి. డిసెంబరులో గరిష్ఠం 28, కనిష్ఠం 12 అయితే సగటు 20, రోజుకు దక్కేది 10 మాత్రమే. అదే 400కు చేరాలంటే 40 రోజులు కావాలి. రాత్రిళ్లు నారుమడి మీద పాలిథీన్ షీటు కప్పి, పొద్దున్నే తీసేయమని చెప్పేది ఇందుకే. షీటు కింద కనిష్ఠం నాలుగు డిగ్రీలు పెరిగిందనుకుందాం. సగటు రెండు డిగ్రీలు పెరిగి, రోజుకు 12 దక్కుతాయి. నారు 33 రోజులకే సిద్ధమవుతుంది, అంటే వారం కలిసొస్తుంది.

ఫినాలజీ మోడల్ ఈ లెక్కనే పైరు జీవితమంతటికీ విస్తరిస్తుంది. మొలక నుంచి పూత దాకా ఒక భాగం, పూత నుంచి కోత దాకా మరొకటి. వరి కోసం రూపొందిన ఒరైజా మోడల్‌లో మొలక 0, పూత 1, పక్వం 2. ప్రతి రోజు వేడీ పైరును ఈ కొలబద్ద మీద కొంచెం ముందుకు జరుపుతుంది. అయితే వేడి ఒక్కటే చాలదు. పొద్దు తగ్గితే తప్ప పూతకు రాని పాత వరి రకాలకు పగటి నిడివిని కూడా లెక్కలో చేర్చాలి. నారు పీకి నాటినప్పుడు వేర్లు తెగి మొక్క కొన్నాళ్లు కోలుకోదు. ఆ రోజుల వేడి అందినా ఎదుగుదల సాగదు కనుక, మోడల్‌లో ఆ ఆలస్యాన్ని విడిగా చూపుతారు.

లెక్క ఎక్కువగా తప్పేది రెండు అంచుల దగ్గర. ఏప్రిల్‌లో గరిష్ఠం 42, కనిష్ఠం 26 ఉన్న రోజును మామూలు సూత్రంలో వేస్తే 24 డిగ్రీ-రోజులు వస్తాయి. కానీ అంత ఎండలో పైరు ఇంకా వేగంగా ఎదగదు. పూత సమయమైతే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పడతాయి. అందుకే గరిష్ఠానికి ఒక పైహద్దు పెడతారు. ఆ హద్దు 30 అనుకుంటే అదే రోజుకు 18 మాత్రమే వస్తాయి. చలి అంచులోనూ ఇదే చిక్కు. గరిష్ఠం 26, కనిష్ఠం 6 ఉన్న రోజుకు మామూలుగా 6 వస్తాయి. కనిష్ఠాన్ని 10గా మార్చి లెక్కిస్తే 8 వస్తాయి. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. ఒక రకం పూతకు ఇన్ని డిగ్రీ-రోజులు కావాలని ఎవరైనా చెబితే, ఏ పద్ధతిలో లెక్కించారో ముందు అడగాలి. ఒక పద్ధతిలో వచ్చిన మొత్తాన్ని మరో పద్ధతికి వాడితే తేదీలు తప్పుతాయి.

మరి ఆధార ఉష్ణోగ్రత సరైనదేనని తెలిసేదెలా? ఒకే రకాన్ని వేర్వేరు తేదీల్లో విత్తి, ప్రతిసారీ ఒకే దశ వరకు డిగ్రీ-రోజులు కూడాలి. ఆధారం సరిగా ఉంటే మొత్తాలు దగ్గరదగ్గరగా వస్తాయి. మన నారు లెక్కలో 10కి బదులు 5 పెట్టి చూడండి. జులై మొత్తం 504, డిసెంబరు మొత్తం 600 అవుతాయి. ఇలా చలికాలపు మొత్తం ఎప్పుడూ పెద్దదిగా వస్తుంటే ఆధారం మరీ తక్కువ పెట్టారని అర్థం. 12 పెడితే జులైకి 357, డిసెంబరుకు 320. చలికాలపు మొత్తం చిన్నదైతే ఆధారం ఎక్కువైనట్టు. ఈ పరీక్షకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల థర్మామీటరు, పైరు ఏ దశకు ఏ తేదీన వచ్చిందో రాసుకునే పుస్తకం ఉంటే చాలు.