‘సూపర్’ అన్న మెసేజ్‌ను అప్రైజల్‌లో నిలబెట్టడం ఎలా?

జులైలో మేనేజర్ వాట్సాప్‌లో మెచ్చుకుంటారు. అప్రైజల్ ఫారం మార్చిలో నింపాలి. ఈ ఎనిమిది నెలల్లో ఆ మెచ్చుకోలు ఏ పని గురించో మెచ్చుకున్నవారికే గుర్తుండదు. రేటింగ్ ఖరారు చేసే సమావేశంలో పై అధికారి ‘ఈమె ఏం చేసింది?’ అని అడిగితే, ‘బాగా చేస్తుందండీ’ అనడం తప్ప మేనేజర్ దగ్గర వేరే జవాబు ఉండదు. ఈలోగా మేనేజరే మారిపోతే ఆ మాటా ఉండదు. అందుకే మెసేజ్ వచ్చిన వారంలోనే దాన్ని రికార్డుకెక్కే నోట్‌గా మార్చుకోవాలి.

ఎలా మార్చాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక కంపెనీ పేరోల్ విభాగంలో పనిచేసే ఉద్యోగినికి జులై 14న మేనేజర్ నుంచి ఈ మెసేజ్ వచ్చిందనుకుందాం: ‘సూపర్ అమ్మా! నువ్వు లేకపోతే ఈ నెల పీఎఫ్ గట్టెక్కేది కాదు.’

ఈ మాటలో ఆప్యాయత ఉంది కానీ ఆధారం లేదు. మొదట మెసేజ్‌ను ఉన్నదున్నట్టు తేదీతో సహా దాచుకోవాలి. తర్వాత దాని వెనక ఉన్న పనిని తవ్వి తీయాలి. పరిస్థితి ఏమిటి, తను స్వయంగా ఏం చేసింది, దానివల్ల ఏం జరిగింది, అందుకు రుజువు ఎక్కడుంది? ఈ నాలుగింటికీ జవాబులు దొరికితే నోట్ సిద్ధమైనట్టే. మెసేజ్ దేని గురించో తెలియకపోతే అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ‘సార్, పీఎఫ్ ఫైలు గురించేనా అన్నారు?’ అంటే చాలు.

జూన్ నెల పీఎఫ్ కట్టడానికి జులై 15 గడువు. దాటితే ఏడాదికి 12 శాతం లెక్కన వడ్డీ, దానిపై నష్టపరిహారం కూడా పడతాయి. ఇవన్నీ గుర్తుచేసుకుని ఆమె రాసిన చిత్తుప్రతి ఇది:

‘జులై 11న పీఎఫ్ ఫైలు అప్‌లోడ్ చేసినప్పుడు 9 మంది కొత్త ఉద్యోగుల పేర్లు యూఏఎన్ రికార్డుతో సరిపోక ఫైలు తిరస్కరణకు గురైంది. జాయినింగ్ ఫారంలో సర్టిఫికెట్‌లోని పేరు రాయడమే కారణమని ఈమె గుర్తించారు. ఆ 9 మందితో మాట్లాడి పేర్లు సరిచేశారు. 13న ఫైలు ఆమోదం పొందింది. గడువుకు ఒక రోజు ముందు, 14న చలానా చెల్లించాం. ఆధారం: 11, 13 తేదీల అప్‌లోడ్ వివరాలు, చలానా రసీదు.’

‘నువ్వు లేకపోతే గట్టెక్కేది కాదు’ అన్న మాట ఇందులో లేదు. అది ఊహ, ఎవరూ రుజువు చేయలేరు. ‘ఒక రోజు ముందు’ అన్నది మాత్రం రసీదు చూస్తే తెలిసిపోతుంది. ఉద్యోగుల పేర్లు, యూఏఎన్ నంబర్లు కూడా లేవు. అవి వేరేవాళ్ళ వ్యక్తిగత వివరాలు, అప్రైజల్ ఫైల్లో వాటికి చోటు లేదు.

ఈ నోట్ మేనేజర్ పేరు మీద రికార్డుకెక్కుతుంది కాబట్టి ఆయన ఒప్పుకోలు తప్పనిసరి. ‘సార్, మీ మెసేజ్ ఆధారంగా ఇలా రాశాను. తప్పులుంటే సరిచేసి, సరేనని మెయిల్ పెట్టగలరు’ అని అసలు మెసేజ్‌తో కలిపి పంపాలి. మన ఉదాహరణలో మేనేజర్ ఒక దిద్దుబాటు చేశారు: ‘ఆరుగురితో నువ్వు మాట్లాడావు, మిగతా ముగ్గురితో హెచ్ఆర్ అబ్బాయి మాట్లాడాడమ్మా. ఆ మాటా రాయి.’ అది రాసినందువల్ల ఆమె ఘనత తగ్గలేదు. కారణం కనిపెట్టింది ఆమేనన్న వాక్యం చెక్కుచెదరలేదు. పైగా రేపు సమావేశంలో హెచ్ఆర్ వాళ్ళు అభ్యంతరం చెప్పడానికి అవకాశమే లేకుండా పోయింది.

నోట్ సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. అందులో ఆమె పేరు తీసి పక్క సీటు వాళ్ళ పేరు పెట్టి చదవండి. అప్పుడూ అతికినట్టు సరిపోతే అది ఇంకా పొగడ్తే. ‘అంకితభావంతో పనిచేశారు’, ‘టీమ్‌కు అండగా నిలిచారు’ లాంటివి ఎవరికైనా సరిపోతాయి.

అన్ని మెసేజ్‌లూ నోట్‌గా మారవు. రోజువారీ పనికి మర్యాదగా చెప్పిన థాంక్స్‌ను లాగి పెద్దది చేస్తే, పక్కనున్న అసలైన నోట్ల మీద కూడా నమ్మకం పోతుంది. ఏడాదికి నాలుగైదు గట్టివి చాలు. అవి ఉన్నంత మాత్రాన మంచి రేటింగ్ ఖాయమని కాదు, మేనేజర్ వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

నోట్ రాసిన రోజుకు ఫలితం మొత్తం తెలిసిపోదు. మన ఉద్యోగిని ఆ వారంలోనే జాయినింగ్ ఫారంలో ‘యూఏఎన్ రికార్డులో ఉన్న పేరు’ అనే గడి చేర్పించింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఫైలు ఒక్కసారికే ఆమోదం పొందింది. మేనేజర్ ఒప్పుకోలుతో ఈ ఒక్క వాక్యాన్నీ పాత నోట్ కింద తేదీ వేసి చేర్చాలి. ఒక నెల గండం గట్టెక్కించడం కన్నా, అది మళ్ళీ రాకుండా చేయడానికే రేటింగ్ ఇచ్చేవాళ్ళ దగ్గర ఎక్కువ విలువ.