రెండు ఫోన్ల వీడియోలు ఒకే రంగులోకి ఎలా వస్తాయి?

అరకులో థింసా నాట్యాన్ని పొద్దున మంచులో ఒక ఫోన్‌తో, సాయంత్రపు ఎండలో ఇంకో ఫోన్‌తో తీశారనుకోండి. రెండూ కలిపి చూస్తే డోలు వాయించే తాత భుజం మీది తెల్ల తువ్వాలు ఒకచోట నీలంగా, ఇంకోచోట పసుపుగా కనిపిస్తుంది. ఎందుకు? మంచులో వెలుగు దాదాపు 7000 కెల్విన్, వాలుపొద్దుది 3500. పైగా ఏది తెలుపో ఒక్కో ఫోన్ ఒక్కోలా లెక్కకడుతుంది.

ఎడిటింగ్‌లో ముందు వెలుగు సరిచేయండి. అది మారితే రంగు కూడా మారినట్టే కనిపిస్తుంది మరి! రెండు క్లిప్పుల్లోని ముఖాలను పక్కపక్కన పెట్టి ఎక్స్‌పోజర్ సమం చేయండి. తర్వాత తువ్వాలునే చూస్తూ, నీలంగా ఉన్న క్లిప్పును టెంపరేచర్ మీటతో పసుపు వైపు కొద్దికొద్దిగా జరపండి. ఆకాశం తెల్లగా మాడిపోతే మాత్రం ఏ మీటా దాన్ని వెనక్కి తేలేదు. అందుకే తీసేటప్పుడే తెర మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు కాస్త తగ్గించుకోండి.