సెమిస్టర్ సగటు గణన: పునఃపరీక్షలు, ఉత్తీర్ణత-మాత్ర కోర్సుల స్థానం

వ్యాస సంగ్రహం

క్రెడిట్ విధానంలో సెమిస్టర్ గ్రేడ్ పాయింట్ సగటు (ఎస్‌జీపీఏ) ఒక భారిత సగటు. లవంలోకి ఏ కోర్సు చేరుతుంది, హారంలోకి ఏది చేరుతుంది అన్న నిర్ణయమే ఈ గణనలో కీలకం. ఉత్తీర్ణత మాత్రమే నమోదయ్యే కోర్సులు, తప్పి మళ్లీ రాసిన కోర్సులు ఉన్నప్పుడు ఈ నిర్ణయం క్లిష్టమవుతుంది. ఒక ఎం.ఏ. తెలుగు విద్యార్థి మార్కుల పత్రాన్ని ఊహాత్మక ఉదాహరణగా తీసుకుని, ఒకే గ్రేడ్ల నుంచి భిన్న ఫలితాలు ఎలా వస్తాయో, ముద్రిత ఎస్‌జీపీఏను సరిచూసే పద్ధతి ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: క్రెడిట్, గ్రేడ్ పాయింట్, భారిత సగటు, పునఃపరీక్ష, ఉత్తీర్ణత-మాత్ర కోర్సు.

1. ఉపోద్ఘాతం

పిహెచ్.డి. ప్రవేశానికి పీజీలో 55 శాతం మార్కులు గానీ, తత్సమానమైన గ్రేడ్ గానీ ఉండాలని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. రిజర్వుడు వర్గాలకు ఇందులో 5 శాతం సడలింపు ఉంది. ప్రథమ శ్రేణి ప్రకటనకూ విశ్వవిద్యాలయాలు సంచిత సగటునే (సీజీపీఏ) ప్రమాణంగా తీసుకుంటాయి. ఈ హద్దుల దగ్గర దశాంశ స్థానంలో తేడా కూడా అభ్యర్థి అర్హతను మారుస్తుంది. అయినా మార్కుల పత్రంపై ఫలితం మాత్రమే కనిపిస్తుంది, దాన్ని సాధించిన హారం కనిపించదు. పొరపాట్లు ఎక్కువగా ఈ హారం దగ్గరే జరుగుతాయి.

2. మూల సూత్రం

యూజీసీ ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానంలో వారానికి ఒక గంట ఉపన్యాసం లేదా ట్యుటోరియల్, లేదా రెండు గంటల ప్రయోగ తరగతి ఒక క్రెడిట్‌తో సమానం. పది పాయింట్ల కొలమానంలో ఓ గ్రేడ్‌కు 10, ఏ+ కు 9, ఏ కు 8, బి+ కు 7, బి కి 6, సి కి 5, పి కి 4 పాయింట్లు. ఎఫ్‌కూ గైర్హాజరుకూ సున్నా. ఒక కోర్సు క్రెడిట్లను దాని గ్రేడ్ పాయింట్‌తో గుణిస్తే ఆ కోర్సు క్రెడిట్ పాయింట్లు వస్తాయి. వాటి మొత్తాన్ని క్రెడిట్ల మొత్తంతో భాగిస్తే ఎస్‌జీపీఏ వస్తుంది. ఫలితాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరిస్తారు.

```
SGPA = Σ(C × G) / ΣC
```

ఈ సూత్రంలో లవంలోనూ హారంలోనూ ఉండే కోర్సుల జాబితా ఒకటే కావాలి. ఒక కోర్సు క్రెడిట్లు హారంలో ఉండి దాని పాయింట్లు లవంలో లేకపోతే, ఆ కోర్సుకు తెలియకుండానే సున్నా వేసినట్లవుతుంది.

3. ఉదాహరణ: మొదటి సెమిస్టర్

| కోర్సు | క్రెడిట్లు | గ్రేడ్ | పాయింట్ | క్రెడిట్ పాయింట్లు |
|---|---|---|---|---|
| ప్రాచీన కవిత్వం | 4 | ఏ | 8 | 32 |
| ఆధునిక కవిత్వం | 4 | బి+ | 7 | 28 |
| తెలుగు వ్యాకరణం | 4 | ఎఫ్ | 0 | 0 |
| భాషాశాస్త్ర పరిచయం | 4 | బి | 6 | 24 |
| సాహిత్య విమర్శ | 4 | సి | 5 | 20 |
| సెమినార్ | 2 | ఓ | 10 | 20 |
| కంప్యూటర్ పరిజ్ఞానం | 2 | ఉత్తీర్ణత | లేదు | లేదు |

ఈ పట్టికలో మూడు రకాల క్రెడిట్ మొత్తాలున్నాయి. విద్యార్థి నమోదు చేసుకున్నవి 24. వ్యాకరణం తప్పినందువల్ల ఆర్జించినవి 20. సగటు గణనలోకి వచ్చేవి 22, ఎందుకంటే కంప్యూటర్ కోర్సుకు గ్రేడ్ పాయింట్ లేదు, వ్యాకరణానికి సున్నా అయినా పాయింట్ ఉంది. క్రెడిట్ పాయింట్ల మొత్తం 124. దాన్ని 22తో భాగిస్తే ఎస్‌జీపీఏ 5.64.

గ్రేడ్ పాయింట్లను మాత్రమే కూడి ఆరుతో భాగిస్తే 6.00 వస్తుంది. రెండు క్రెడిట్ల సెమినార్‌లో వచ్చిన పదికి నాలుగు క్రెడిట్ల వ్యాకరణంలో వచ్చిన సున్నాతో సమాన స్థాయి దక్కడమే ఈ తేడాకు కారణం. తప్పిన కోర్సును పూర్తిగా తొలగించి 124ను 18తో భాగిస్తే 6.89 వస్తుంది. ఇది ఉత్తీర్ణమైన కోర్సుల సగటే తప్ప సెమిస్టర్ సగటు కాదు. తప్పిన కోర్సులు మిగిలి ఉన్నంతవరకు ఎస్‌జీపీఏను ప్రకటించని నిబంధనలూ ఉండవచ్చు. కానీ ప్రకటించిన పక్షంలో సున్నాను కలిపారో లేదో స్పష్టంగా చెప్పాలి.

4. ఉత్తీర్ణత-మాత్ర కోర్సులు

ఇవి రెండు విధాలు. మొదటి రకానికి క్రెడిట్లే ఉండవు. యూజీసీ మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి కోర్సులకు అక్షర గ్రేడ్ బదులు 'సంతృప్తికరం' లేదా 'అసంతృప్తికరం' అని నమోదు చేస్తారు. వాటిని సగటులో లెక్కించరు. ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికల్లో భారత రాజ్యాంగం, పర్యావరణ శాస్త్రం వంటి తప్పనిసరి కోర్సులు ఈ కోవకు చెందుతాయి. క్రెడిట్ సున్నా కాబట్టి ఇక్కడ గణనలో చిక్కు లేదు.

చిక్కు రెండో రకంతో వస్తుంది. పై ఉదాహరణలోని కంప్యూటర్ కోర్సుకు క్రెడిట్లు ఉన్నాయి, గ్రేడ్ పాయింట్ లేదు. ఆ రెండు క్రెడిట్లు పట్టాకు కావలసిన మొత్తంలో చేరతాయి, సగటు హారంలో చేరవు. నమోదైన క్రెడిట్లన్నింటినీ హారంగా తీసుకుంటే 124ను 24తో భాగించి 5.17 వస్తుంది. అంటే ఉత్తీర్ణుడైన కోర్సులోనే విద్యార్థికి సున్నా వేసినట్లు.

దీనికంటే సూక్ష్మమైన పొరపాటు అక్షరం వల్ల వస్తుంది. 'పాస్' అన్న మాటకు పొడి అక్షరంగా పత్రంలో 'పి' అని రాస్తే, పది పాయింట్ల కొలమానంలో 'పి' అంటే 4 పాయింట్లు అని అర్థం. ఫలితాలు సిద్ధం చేసేవారు రెంటినీ ఒకటిగా భావిస్తే లవానికి 8 కలుస్తుంది, హారానికి 2 కలుస్తుంది, 132ను 24తో భాగించి 5.50 వస్తుంది. బాగా చదివిన విద్యార్థికే దీనివల్ల నష్టం ఎక్కువ. సగటు 9 ఉన్నవారిని ఆ నాలుగు పాయింట్లు మరింత కిందికి లాగుతాయి. అందుకే ఇటువంటి కోర్సులకు గ్రేడ్ పట్టికలో లేని వేరొక గుర్తు వాడటం అవసరం.

ఈ కోర్సులో తప్పితే ఏమవుతుందన్నది మరో ప్రశ్న. అసంతృప్తికరమైన ఫలితాన్నీ గణన వెలుపలే ఉంచితే సగటు మారదు, ఆర్జిత క్రెడిట్లు మాత్రం తగ్గుతాయి. అలా కాక తప్పినప్పుడు మాత్రం ఎఫ్‌గా పరిగణిస్తే, ఆ కోర్సు సగటును పెంచలేదు, తగ్గించగలదు. ఈ అసమానత ఉద్దేశపూర్వకమే అయితే నిబంధనలో ఆ మాట ఉండాలి.

5. మళ్లీ రాసిన కోర్సు

పై విద్యార్థి మూడో సెమిస్టర్ కాలంలో వ్యాకరణం మళ్లీ రాసి బి గ్రేడ్ పొందాడనుకుందాం. దానికి క్రెడిట్ పాయింట్లు 24. రెండో సెమిస్టర్‌లో గణనకు వచ్చే క్రెడిట్లు 24, క్రెడిట్ పాయింట్లు 156, ఎస్‌జీపీఏ 6.50. మూడో సెమిస్టర్ సొంత కోర్సుల క్రెడిట్లు 20, క్రెడిట్ పాయింట్లు 134, ఎస్‌జీపీఏ 6.70.

మొదటి పద్ధతి ప్రతిస్థాపన. కొత్త గ్రేడ్ పాతదాని స్థానంలోకి వస్తుంది. మొదటి సెమిస్టర్ క్రెడిట్ పాయింట్లు 148 అవుతాయి, ఎస్‌జీపీఏ 6.73గా మారుతుంది. మూడు సెమిస్టర్ల క్రెడిట్ పాయింట్లు 438, క్రెడిట్లు 66, సీజీపీఏ 6.64.

రెండో పద్ధతిలో ప్రతి ప్రయత్నమూ లెక్కలో ఉంటుంది. పాత సున్నా మొదటి సెమిస్టర్‌లోనే నిలుస్తుంది, కొత్త గ్రేడ్ మూడో సెమిస్టర్‌లో చేరుతుంది. మూడో సెమిస్టర్ ఎస్‌జీపీఏ 158ను 24తో భాగించగా 6.58. క్రెడిట్ పాయింట్ల మొత్తం అదే 438, కానీ హారం 70. సీజీపీఏ 6.26. ప్రథమ శ్రేణికి 6.50 హద్దుగా ఉన్నచోట మొదటి పద్ధతిలో ఈ విద్యార్థి ఆ శ్రేణిలో ఉంటాడు, రెండో పద్ధతిలో ఉండడు.

ఏ పద్ధతిని ఎంచుకోవాలన్నది విధాన నిర్ణయం. అయితే ఎంచుకున్న పద్ధతి గణనలో చెదరకుండా ఉండాలి. సీజీపీఏను ఎస్‌జీపీఏల భారిత సగటుగా కట్టే అలవాటు వల్ల ఇది తరచూ చెదురుతుంది. నిబంధన ప్రతిస్థాపన అని చెప్పినా, ముందే ముద్రించిన 5.64, 6.50, 6.58లను 22, 24, 24 క్రెడిట్లతో గుణించి కూడితే 6.26 వస్తుంది. పాత సున్నా మరుగున లెక్కలో మిగిలిపోవడమే దీనికి కారణం. దీనికి విరుద్ధంగా, మొదటి సెమిస్టర్‌ను 6.73కు సవరించి, మూడో సెమిస్టర్‌లోనూ వ్యాకరణాన్ని ఉంచితే, క్రెడిట్ పాయింట్లు 462, క్రెడిట్లు 70, ఫలితం 6.60. ఇక్కడ ఒకే బి గ్రేడ్ రెండుసార్లు లెక్కకు వచ్చింది. ఆర్జిత క్రెడిట్లను కూడా ఇలాగే కూడితే, నాలుగు క్రెడిట్ల కోర్సుకు ఎనిమిది క్రెడిట్లు దక్కుతాయి.

కాబట్టి సీజీపీఏను ముద్రిత సగటుల నుంచి కాక, కోర్సుల జాబితా నుంచి నేరుగా గణించడం మేలు. ప్రతి కోర్సు కోడ్‌కు చెల్లుబాటయ్యే ప్రయత్నం ఏదో ముందుగా గుర్తించాలి, ఆ తరువాతే కూడాలి. ఉత్తీర్ణుడై గ్రేడ్ మెరుగుకోసం మళ్లీ రాసినవారి విషయంలో ఉత్తమ ప్రయత్నం చెల్లుతుందా, చివరిది చెల్లుతుందా అన్నదీ ఇక్కడే తేలాలి. బి ఉన్న విద్యార్థికి రెండోసారి సి వస్తే ఈ రెండు నియమాలు భిన్న ఫలితాలిస్తాయి.

6. ముద్రిత సగటును సరిచూడటం

గ్రేడ్ పాయింట్లూ క్రెడిట్లూ పూర్ణాంకాలైతే క్రెడిట్ పాయింట్ల మొత్తం కూడా పూర్ణాంకమే. కనుక ముద్రిత ఎస్‌జీపీఏను నిజమైన హారంతో గుణిస్తే పూర్ణాంకానికి అతి చేరువలో ఉన్న సంఖ్య రావాలి. రెండు దశాంశ స్థానాల సవరణ వల్ల వచ్చే తేడా హారానికి 0.005 రెట్లు మించదు.

ఉదాహరణలోని 5.64ను 22తో గుణిస్తే 124.08 వస్తుంది. 124కు తేడా 0.08, అనుమతించదగిన తేడా 0.11. కాబట్టి హారం 22 కావచ్చు. అదే 5.64ను 24తో గుణిస్తే 135.36, 20తో గుణిస్తే 112.80, 18తో గుణిస్తే 101.52. ఇవేవీ హద్దులో లేవు. కోర్సువారీ పట్టిక చేతిలో లేకపోయినా, నమోదైన క్రెడిట్లు, ఆర్జిత క్రెడిట్లు, గణన క్రెడిట్లలో ఏది హారంగా వాడారో ఇలా గుర్తించవచ్చు.

ఈ పరీక్షకు పరిమితులున్నాయి. ఒకటిన్నర క్రెడిట్ల ప్రయోగశాల కోర్సులుంటే మొత్తం అరలలో ముగియవచ్చు. దశాంశాలను సవరించక కత్తిరించే చోట అనుమతించదగిన తేడా రెట్టింపవుతుంది, అదీ ఒకే దిశలో. పరీక్షకు నిలవని హారాన్ని తోసిపుచ్చవచ్చు గానీ, నిలిచినంతమాత్రాన అదే సరైనదని తేల్చలేం. అనుమానం కలిగితే కోర్సువారీ గణనకు వెళ్లాల్సిందే.

7. ముగింపు

ఒకే మొదటి సెమిస్టర్ గ్రేడ్ల నుంచి 5.17, 5.50, 5.64, 6.00, 6.89 అనే అయిదు సంఖ్యలు వచ్చాయి. వీటిలో తప్పిన కోర్సును సున్నాగా కలిపి, ఉత్తీర్ణత-మాత్ర కోర్సును వెలుపల ఉంచిన 5.64 మాత్రమే సూత్రానికి లోబడినది. మళ్లీ రాసిన కోర్సు విషయంలో 6.64, 6.26 రెండూ తమతమ నియమాలకు లోబడి సరైనవే. 6.60 ఏ నియమానికీ లోబడదు. మార్కుల పత్రంలో ఎస్‌జీపీఏ పక్కన గణన క్రెడిట్లను విడిగా ముద్రించి, మళ్లీ రాసిన కోర్సు ఏ ప్రయత్నం చెల్లుబాటైందో సూచిస్తే, ప్రవేశ కమిటీలు వేర్వేరు విశ్వవిద్యాలయాల అభ్యర్థులను పోల్చేటప్పుడు ఏ సంఖ్య దేనికి సగటో తెలుసుకోగలుగుతాయి.