పాత గోడను చదివినట్టు కనిపించాలి

కట్టడాల పరిరక్షణలో మాస్టర్స్‌కు దరఖాస్తు చేసే ఆర్కిటెక్చర్ విద్యార్థులు చాలామంది ఐదేళ్లలో వేసిన డిజైన్లలో అందంగా వచ్చినవాటిని ఏరి పోర్ట్‌ఫోలియోలో పెడతారు. రిసార్టు, మాల్, ఎయిర్‌పోర్టు అన్నీ అందులో ఉంటాయి. కొత్త భవనాల డిజైన్ కోర్సుకైతే అది సరిపోవచ్చు. పరిరక్షణ కోర్సులో ఎంపిక చేసేవారు వెతికేది వేరు. ఉన్న కట్టడాన్ని ఈ విద్యార్థి ఎంత ఓపికగా చూడగలరు, చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేరు చేసి చెప్పగలరా అన్నదే వాళ్లకు ముఖ్యం.

ఒక విద్యార్థిని దగ్గర తొమ్మిది ప్రాజెక్టులు ఉన్నాయనుకుందాం. వాటిలో నాలుగు చాలు. మొదటిది, తోటి విద్యార్థులతో కలిసి కోనసీమలో కొలిచి గీసిన ఒక మండువా లోగిలి. రెండోది, ఇంటర్న్‌షిప్‌లో చూసిన సున్నపు పూత పని. మూడోది పాత బజారు వీధి అధ్యయనం, నాలుగోది థీసిస్. మాల్, రిసార్టు పక్కన పెట్టేయొచ్చు. పేజీలు సమానంగా పంచక్కర్లేదు. పదిహేను పేజీలకు అవకాశం ఉంటే లోగిలికే ఆరు ఇవ్వమంటాను. సర్వేలో తన చేయి ఎక్కువగా పడింది అక్కడే. థీసిస్ ఎంత పెద్దదైనా మూడు పేజీలు దాటనివ్వకూడదు.

ఆ ఆరు పేజీల్లో రంగుల త్రీడీ బొమ్మకన్నా సైటులో పెన్సిల్‌తో రాసుకున్న కొలతల కాగితం ఎక్కువ చెబుతుంది. పాత ఇళ్లలో గదులు సరిగ్గా నలుచదరంగా ఉండవు. నాలుగు గోడల పొడవులతో పాటు మూల నుంచి మూలకు టేపు పట్టి కొలిస్తేనే గది అసలు ఆకారం ప్లానులోకి వస్తుంది. ఆ ఐమూల కొలతలు కాగితం మీద కనిపిస్తే, ఈ అమ్మాయి నిజంగా కొలిచిందని చూసేవారికి తెలిసిపోతుంది. ప్లానులో ప్రతి మూలా కచ్చితంగా తొంభై డిగ్రీలే ఉంటే అనుమానం వస్తుంది. ఇంకొకటి, పీడీఎఫ్‌లో 1:50 అని రాస్తే ప్రయోజనం లేదు. తెర సైజును బట్టి బొమ్మ పెరుగుతుంది, తగ్గుతుంది. స్కేలు గీత గీసి మీటర్లు గుర్తిస్తే బొమ్మతో పాటే అదీ మారుతుంది.

అసలు పరీక్ష బొమ్మ కింద రాసే రెండు మూడు వాక్యాల దగ్గర మొదలవుతుంది. లోగిలి గోడ ఫొటో కింద మొదటి చిత్తులో ఇలా ఉంటుంది: “కోనసీమ ఘన వారసత్వానికి నిలువెత్తు నిదర్శనం.” ఈ మాట ఏ పాత ఇంటికైనా అతుకుతుంది, అందుకే దీని వల్ల ఉపయోగం లేదు. దాన్ని ఇలా మార్చొచ్చు:

“తూర్పు గోడ, లోపలి వైపు, 2023 డిసెంబర్. ఇటుక, సున్నం. కింది మీటరు మేర తర్వాత సిమెంటు పూశారు. ఆ పూతకు పైన చెమ్మ, ఉప్పు కనిపిస్తున్నాయి. నేల చెమ్మ కావచ్చు. పూత తీసి చూడలేదు. కొలతలు ముగ్గురివి, బొమ్మ నాది.”

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. పాత ఇటుక గోడ నేలలోని తడిని పైకి పీలుస్తుంది. సున్నపు పూత ఉంటే ఆ తడి గాలిలోకి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి తడి దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది. ఆరేచోట ఉప్పు మిగిలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అదే కప్పు కారడం వల్ల వచ్చిన మరకైతే సాధారణంగా పై నుంచి కిందికి దిగుతుంది. మరక ఎక్కడ మొదలైందో రాయడం వల్ల ఆ తేడా తనకు తెలుసని చదివేవారికి అర్థమవుతుంది. “కావచ్చు” అన్న మాటను బలహీనత అనుకుని కొట్టేయకూడదు. 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలనే అంటుంది. బొమ్మలోనూ అంతే. ఉన్న దూలం నిండు గీత, ఉండి ఉంటుందనుకున్నది చుక్కల గీత. ఆ తేడా ఏమిటో బొమ్మ కిందే చెప్పాలి.

చివరి వాక్యం చాలామంది రాయరు. జట్టు పనిని మొత్తం తనదిగా చూపిస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇంటర్న్‌షిప్ పేజీలకు ఇది ఇంకా అవసరం. గానుగ సున్నం కలిపిందీ పూసిందీ మేస్త్రీలు. విద్యార్థిని చేసింది నమూనా పూతలను రోజూ చూసి పగుళ్లు నమోదు చేయడం అయితే, అలాగే రాయాలి. మేస్త్రీ పని మేస్త్రీ పనిగానే కనిపించాలి.

తాళం వేసి ఉండి కొలవలేకపోయిన ఉత్తరపు గదిని ప్లానులో ఖాళీగానే వదిలి, “లోపలికి వెళ్లలేదు” అని రాయమంటాను. పక్క గదిని చూసి దాన్ని పూరిస్తే ప్లాను నిండుగా కనిపిస్తుంది, కానీ రేపు ఆ ప్లానును నమ్మి ఎవరైనా మరమ్మతు లెక్క వేస్తే అది తప్పు లెక్క అవుతుంది.