డిస్కు తన గురించి తాను రాసుకునే చిట్టా

తెనాలిలో మా బావకు ఫొటో స్టూడియో ఉంది. జూన్‌లో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఒరేయ్, మార్చిలో తీసిన పెళ్లి ఫోల్డరు తెరిస్తే సిస్టం బిగుసుకుపోతోంది. మిగతావన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి. విండోస్ మళ్లీ ఎక్కించమంటావా?"

వద్దన్నాను. అన్నిచోట్లా నెమ్మదిస్తే అది వేరే సంగతి. ఒకే ఫోల్డరు దగ్గర ఆగుతోందంటే, ఆ ఫొటోలున్న చోటును హార్డ్ డిస్కు చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అనుమానించాలి. బావది 2 టీబీ హార్డ్ డిస్కు. మూడేళ్ల పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి, మరో కాపీ లేదు.

"క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో దించుకుని, తెరిచి, స్క్రీన్ ఫొటో పంపు బావా" అన్నాను. ఇది విండోస్‌లో ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం. ప్రతి డిస్కూ పనిచేస్తున్నంతసేపూ తన లోపాలను తనలోనే ఒక పట్టికలో రాసుకుంటుంది. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిచోట్ల చదవలేకపోయింది, ఎన్ని చోట్లను వాడకం నుంచి తప్పించింది అన్నీ అందులో ఉంటాయి. ఈ ఏర్పాటునే స్మార్ట్ అంటారు. లినక్స్ వాడేవాళ్లకు అదే పట్టిక ఈ ఆదేశంతో వస్తుంది:

```
sudo smartctl -A /dev/sda
```

బావ పంపిన పట్టికలో ఇరవైకి పైగా వరుసలున్నాయి. అన్నీ చదవనక్కర్లేదు. కొన్ని కంపెనీల డిస్కుల్లో మొదటి వరుస Raw Read Error Rate ఎదుట కోట్లలో అంకె కనిపిస్తుంది. అది లోపాల లెక్క కాదు. రెండు మూడు సంగతులను కలిపి ఒకే అంకెలో కుదించిన రాత. దాన్ని చూసి భయపడి మంచి డిస్కును పారేసినవాళ్లున్నారు. హార్డ్ డిస్కులో నేను ముందుగా చూసేవి మూడే: 5వ వరుస Reallocated Sectors Count, 197వది Current Pending Sector Count, 199వది CRC Error Count. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో వరుస సంఖ్యలు 05, C5, C7 అని కనిపిస్తాయి.

అక్కడే బావ ఒక పొరపాటు చేశాడు. "రీఎలొకేటెడ్ పదే ఉంది కదరా" అన్నాడు. ఆ ప్రోగ్రాం అంకెలను మామూలుగా పదహారు మూలంగా ఉన్న పద్ధతిలో చూపిస్తుంది. అక్కడ 10 అంటే మన లెక్కలో 16. సెట్టింగుల్లో Raw Values అన్నచోట 10 [DEC] ఎంచుకుంటే మామూలు లెక్కలోకి మారుతుంది. మార్చాక మళ్లీ చూశాం. 5వ వరుసలో 16, 197లో 8, 199లో 212.

ఈ మూడూ చెప్పేది ఒకటి కాదు. డిస్కు మీద సమాచారం సెక్టార్లనే చిన్న గళ్లలో ఉంటుంది. కంపెనీవాళ్లు కొన్ని గళ్లను ఎవరికీ కనబడకుండా అట్టే పెడతారు. ఒక గడి పాడైందని తేలితే డిస్కు దాన్ని పక్కనపెట్టి, దాని చిరునామాను అట్టే పెట్టిన గళ్లలో ఒకదానికి ఇస్తుంది. అలా మార్చిన గళ్ల లెక్కే రీఎలొకేటెడ్. ఆ పని అయిపోయింది, ఆ చోటుతో ఇక ఇబ్బంది లేదు.

పెండింగ్ అలా కాదు. డిస్కు ఒక గడిని చదవబోయింది, చదవలేకపోయింది. అందులో ఏముందో తెలియకుండా వేరేచోటికి మార్చలేదు. మారిస్తే లోపలి సమాచారం పోయినట్టే. అందుకని గుర్తుపెట్టి ఆగుతుంది. మళ్లీ ఎప్పుడైనా ఆ గడి మీద కొత్తగా ఏదైనా రాస్తే, అప్పుడు పరీక్షించుకుంటుంది. రాత నిలిస్తే పెండింగ్ లెక్క తగ్గుతుంది, గడి మళ్లీ వాడకంలోకి వస్తుంది. నిలవకపోతే గడిని మార్చేసి 5వ వరుసలో కలుపుతుంది. కాబట్టి పెండింగ్‌లో అంకె ఉందంటే, ఇప్పుడు ఈ క్షణాన మన ఫైలు ఏదో ఒకటి చదవడానికి రావడం లేదన్నమాట. ఇప్పటి డిస్కులు చాలావాటిలో ఈ అంకె ఎనిమిదేసి చొప్పున పెరుగుతుంది. లోపల ఒక అసలు గడి 4096 బైట్లు, బయటికి చెప్పుకునే లెక్క 512 బైట్లు కాబట్టి ఒక్క గడి చెడితే 8 అని పడుతుంది.

అన్ని పెండింగులూ చావు కబుర్లు కావు. రాస్తుండగా కరెంటు పోతే గడిలో రాత సగంలో ఆగి, తర్వాత చదవడానికి రాకపోవచ్చు. అక్కడ పళ్లేనికి దెబ్బేమీ తగల్లేదు. కొత్తగా రాయగానే పెండింగ్ సున్నా అవుతుంది, 5వ వరుస కదలదు. యూపీఎస్ లేని ఇళ్లలో ఇది చాలాసార్లు చూశాను. కానీ బావ డిస్కులో 5వ వరుస అప్పటికే 16. రెండూ కలిసి ఉండటం మంచి లక్షణం కాదు.

199 సంగతి వేరు. ఇది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య ప్రయాణంలో సమాచారం చెడిన సార్ల లెక్క. చాలాసార్లు తప్పు కేబుల్‌ది. ఇది తగ్గే అంకె కాదు, ఒకప్పుడెప్పుడో వదులుగా ఉన్న కేబుల్ మచ్చ ఇప్పటికీ అలాగే నిలిచి ఉంటుంది. కేబుల్ మార్చి, 212 దగ్గరే ఆగిందా, 213 అయిందా అని చూడాలి. ఆగితే దాన్ని మరిచిపోవచ్చు.

ఇక్కడ విండోస్ మాత్రం డిస్కు బాగుందనే అంటోంది. లినక్స్‌లో smartctl -H కూడా చాలాసార్లు PASSED అనే చెబుతుంది. కారణం ఉంది. ప్రతి వరుసకూ అసలు అంకె కాక మరో మార్కు ఉంటుంది. అది 100తోనో 200తోనో మొదలై కిందికి దిగుతుంది. కంపెనీ పెట్టిన గీతకు, ఉదాహరణకు 10కి దిగితేగాని డిస్కు తప్పిందని ఒప్పుకోదు. అసలు అంకె 16 అయినా మార్కు 100 దగ్గరే ఉంటుంది. వందల గళ్లు పోయేదాకా PASSED మారకపోవచ్చు. కంపెనీ గీత వారంటీ లెక్కలకు పనికొస్తుందేమోగాని, పెళ్లి ఫొటోలు కాపాడుకోవాల్సినవాడికి పనికిరాదని నా అభిప్రాయం.

ఏది నమ్మాలి మరి? గూగుల్ తన లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధనాపత్రం వెలువరించింది. మొదటి గడి మార్పు జరిగిన డిస్కు, ఆ తర్వాత 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, ఒక్క మార్పూ లేని డిస్కుతో పోలిస్తే 14 రెట్లకు పైగా ఉంది. డిస్కు తనంతట తాను చేసుకునే తనిఖీలో మొదటి లోపం కనబడితే అది 39 రెట్లు. అయినా అలాంటి డిస్కుల్లో ఎక్కువ భాగం నెలల తరబడి పనిచేస్తూనే ఉన్నాయి. ఇంకో సంగతి కూడా అదే పత్రంలో ఉంది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ఇలాంటి ముఖ్యమైన నాలుగు వరుసల్లో ఒక్కదాంట్లోనూ ఏ అంకే చూపకుండానే పోయాయి. అంటే అంకె కనబడితే నమ్మాలి. కనబడకపోతే క్షేమమని నమ్మకూడదు. సున్నాలున్న డిస్కుకు కూడా రెండో కాపీ ఉండాల్సిందే.

బావకు మొదట చెప్పింది ఒకటే: ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకు, ఎడిటింగ్ ఆపు, కొత్త డిస్కు తెచ్చి ఇవాళే కాపీ చెయ్యి. డిస్కు మొత్తాన్ని చదివించే దీర్ఘ పరీక్ష ఒకటుంది. 2 టీబీకి నాలుగైదు గంటలు పడుతుంది. కాపీ కాకముందు అది పెట్టకూడదు. నీరసించిన డిస్కులో మిగిలిన ఓపికను పరీక్షకు కాదు, ఫొటోలకు ఖర్చు చేయాలి. ముందు డబ్బు రావాల్సిన పెళ్లిళ్లు, ఆ తర్వాత పాతవి, ఆ మార్చి ఫోల్డరు చిట్టచివర. ఆ ఫోల్డరుతో మొదలుపెడితే డిస్కు అక్కడే గంటల తరబడి పెనుగులాడుతుంది. రాత్రంతా నడిచి తెల్లారేసరికి అన్నీ వచ్చాయి, మూడు ఫొటోలు తప్ప. వాటిని పెళ్లివారికి ఇచ్చిన పెన్‌డ్రైవు నుంచి తిరిగి తీసుకున్నాడు.

కాపీ భద్రంగా ఉంది కాబట్టి పాత డిస్కును పారేయకుండా, కేబుల్ మార్చి, అక్కర్లేని సినిమాలు ఎక్కించి వారం పాటు గమనించాం. జూన్ 3న 16, 8, 212. జూన్ 10న 40, 24, 212. కేబుల్ అంకె ఆగింది. మిగతా రెండూ కదిలాయి. కొత్తగా రాసినప్పుడు పెండింగ్ తగ్గాల్సింది పోయి పెరిగింది, పైగా మారిన గళ్లూ పెరిగాయి. ఇంక ఆలోచించడానికేమీ లేదు. 5వ వరుసలో 16 ఉండి ఆరు నెలలైనా 16గానే ఉంటే, రెండో కాపీకో మూడో కాపీకో ఆ డిస్కును నేను వాడుకుంటాను. వారంలో 40 అయితే వాడను. అంకె ఎంతుందన్నదాని కన్నా, అది కదులుతోందా అన్నదే మార్చాలా వద్దా తేలుస్తుంది. అందుకే నెలకోసారి ఈ మూడు అంకెలూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకొమ్మంటాను.

కొత్త డిస్కుతో పాటు సిస్టంలోని ఎస్‌ఎస్‌డీ గురించి కూడా బావ అడిగాడు. "ఇది 91 శాతం అంటోంది. ఇరవై నెలలకే తొమ్మిది శాతం పోయిందా?"

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు. దాని గళ్లు ఇన్నిసార్లు చెరిపి రాస్తే అరుగుతాయి. ఆ అరుగుదల లెక్కే Percentage Used. అది 0 నుంచి పైకి వెళుతుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో దాన్ని తిరగేసి 100 నుంచి కిందికి చూపిస్తుంది. ఏది ఎటు నడుస్తోందో ముందు తేల్చుకోవాలి. బావ ఎస్‌ఎస్‌డీ 500 జీబీది, 300 టీబీ రాతకు కంపెనీ హామీ ఉంది. ఇప్పటిదాకా 30 టీబీ రాశాడు, అంటే నెలకు ఒకటిన్నర టీబీ. మిగిలిన 270 ఇదే చొప్పున పదిహేనేళ్లు వస్తాయి. శాతం 10 కాకుండా 9 ఉండటంలో తప్పేమీ లేదు. శాతాన్ని లోపలి గళ్ల అసలు అరుగుదలను బట్టి కడతారు, మనం రాసిన టీబీలను బట్టి కాదు.

కాబట్టి శాతం చూసి కంగారు పడొద్దన్నాను. ఎస్‌ఎస్‌డీలో గమనించాల్సినవి ఇంకో రెండు. Available Spare అంటే అట్టే పెట్టిన గళ్లలో మిగిలిన వాటా, మొదట 100 ఉంటుంది. Media and Data Integrity Errors మామూలుగా 0. మొదటిది దిగడం మొదలైనా, రెండోది పెరుగుతున్నా, అరుగుదల 9 శాతమే ఉన్నా సరే, మార్చేయాలి. ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్ డిస్కులా ఒక ఫోల్డరు దగ్గర ఆగి హెచ్చరించదు. లోపలి కంట్రోలర్ చెడితే ఒక పొద్దున అసలు కనిపించనే కనిపించదు.

Percentage Used 100 దాటినా ఎస్‌ఎస్‌డీ ఆగిపోదు. ఆ అంకె 255 దాకా పోగలదు. అయితే అరిగినకొద్దీ కరెంటు లేకుండా రాతను నిలుపుకునే శక్తి తగ్గుతుంది. మామూలు కంప్యూటర్ల ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ అనే సంస్థ పెట్టిన ప్రమాణం ఇది: హామీ ఇచ్చిన అరుగుదల పూర్తయ్యాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు సమాచారం నిలవాలి. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. బావకు మేలో బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో తెలుసు. నిండా అరిగిన ఎస్‌ఎస్‌డీలో పెళ్లిళ్లు దాచి బీరువాలో పెడదామనుకున్నాడు. వాటిని కొత్త హార్డ్ డిస్కులోకే మార్చాడు.