దగ్గరిది ముందు, దూరం ఎక్కువ

హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీదుగా ఒక చేయి ముందుకీ వెనక్కీ కదులుతుంది. చదవడం, రాయడం చేసే హెడ్ ఆ చేయి కొసన ఉంటుంది. పళ్లెం మీద సమాచారం ఒకదాని లోపల ఒకటిగా ఉన్న వలయాల్లో ఉంటుంది. ఇవే ట్రాకులు. అన్ని పళ్లేల మీదా ఇరుసుకు ఒకే దూరంలో ఉన్న ట్రాకులన్నీ కలిస్తే ఒక సిలిండర్. చేయి ఒక సిలిండర్ నుంచి మరో సిలిండర్‌కు జరగడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాస్త సమయంలో ప్రాసెసర్ లక్షల ఆదేశాలు పూర్తి చేస్తుంది. అందుకే డిస్క్ కోసం వచ్చిన కోరికలు క్యూలో పేరుకున్నప్పుడు వాటిని ఏ వరుసలో తీర్చాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ తేల్చుకోవాల్సి వస్తుంది. పరీక్షలో ఈ సమస్య ఒక కూడికగా మారుతుంది: హెడ్ మొత్తం ఎన్ని సిలిండర్ల దూరం నడిచింది?

ఒక ప్రశ్న ఇలా ఉందనుకోవచ్చు. డిస్క్‌లో 0 నుంచి 199 వరకు సిలిండర్లున్నాయి. హెడ్ ఇప్పుడు 70 దగ్గర ఉంది. కోరికలు వచ్చిన వరుస 150, 28, 82, 120, 60, 186, 35, 90. ముందు వచ్చినదాన్ని ముందు తీర్చే ఎఫ్‌సీఎఫ్‌ఎస్ పద్ధతిలో హెడ్ 70 నుంచి 150కి, అక్కణ్నుంచి వెనక్కి 28కి, మళ్లీ 82కి ఉరకాలి. అన్ని అడుగులూ కూడితే 686. ఎవరికీ అన్యాయం జరగదు గానీ, చేతికి మాత్రం తిరుగుడే తిరుగుడు.

ఎస్‌ఎస్‌టీఎఫ్ పద్ధతి ఉన్నచోటి నుంచి ఏది దగ్గరైతే దాన్ని ఎంచుకుంటుంది. 70కి ఇటు 60 పది అడుగుల దూరం, అటు 82 పన్నెండు అడుగులు. కాబట్టి ముందు 60. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కిందికి దిగాం కదా అని 35కి వెళ్లిపోతారు. కానీ 60 నుంచి 35కి దూరం 25, 82కి దూరం 22. హెడ్ వెనక్కి తిరిగి 82కి వెళ్లాలి. ప్రతి అడుగు తర్వాతా దూరాలను కొత్తచోటి నుంచి కొలవాలి తప్ప, మొదట్లో 70 నుంచి కొలిచిన దూరాలు ఇక పనికిరావు. ఆపైన 90, 120, 150, 186 వరసగా తీరిపోతాయి. 35, 28 మాత్రం ఎక్కడో అడుగున మిగిలిపోతాయి. వాటి కోసం హెడ్ 186 నుంచి 35 దాకా 151 సిలిండర్లు దిగిరావాలి. మొత్తం 294.

686తో పోలిస్తే 294 గొప్పగానే కనిపిస్తుంది. అయితే ఇదే క్యూను స్కాన్ పద్ధతిలో చూడాలి. దీన్నే ఎలివేటర్ పద్ధతి అనీ అంటారు. లిఫ్ట్ పైకి వెళ్తూ దారిలోని అంతస్తులన్నిటి దగ్గరా ఆగి, పైనుంచి మళ్లీ దిగుతూ మిగిలినవారిని ఎక్కించుకున్నట్టే, హెడ్ ఒక దిక్కుకు సాగుతూ దారిలోని కోరికలన్నీ తీర్చి, చివరికి చేరాక వెనుదిరుగుతుంది. హెడ్ కింది దిక్కుకు సాగుతోందనుకుంటే 60, 35, 28 తీర్చి, 0 దాకా వెళ్లి, తిరిగి 186 వరకు వస్తుంది. 70కి 186 కలిపితే 256. పై దిక్కుకు సాగుతోందనుకుంటే 199 దాకా 129 అడుగులు, అక్కణ్నుంచి 28 వరకు 171. మొత్తం 300. అంటే దిక్కు చెప్పకుండా స్కాన్ లెక్క అడిగిన ప్రశ్న సగం ప్రశ్నే. కొన్ని ప్రశ్నపత్రాలు దిక్కును నేరుగా చెప్పవు. హెడ్ ఇంతకుముందు 75 దగ్గర ఉండేదని మాత్రం అంటాయి. 75 నుంచి 70కి వచ్చిందంటే కిందికి దిగుతున్నట్టే లెక్క.

స్కాన్‌లో 28 తీరాక కూడా 0 దాకా వెళ్లడం వృథా ప్రయాణం. అక్కడ ఎవరూ పిలవలేదు. ఆ దిక్కున చివరి కోరిక దగ్గరే వెనుదిరిగితే అది లుక్ పద్ధతి. కిందికైతే 28 వరకు 42, అక్కణ్నుంచి 186 వరకు 158, మొత్తం 200. పైకైతే 116కు 158 కలిపి 274. లుక్ ఏ దిక్కున మొదలైనా ఎస్‌ఎస్‌టీఎఫ్ 294 కంటే తక్కువలోనే ముగిసింది! స్కాన్ అడిగితే లుక్ లెక్క రాసి మార్కులు పోగొట్టుకోవడం ఈ అధ్యాయంలో మామూలుగా జరిగే పొరపాటు.

ఈ ఫలితం కాకతాళీయం కాదు. హెడ్ ఒక సరళరేఖ మీద అటూ ఇటూ కదులుతుంది. కోరికలు దానికి రెండువైపులా ఉంటే, ఏ వరుసలో తీర్చినా అది రెండు కొసలనూ తాకి తీరాలి. మధ్యలోవన్నీ దారిలో ఎలాగూ తగులుతాయి. కాబట్టి అతి తక్కువ ప్రయాణం అంటే దగ్గరి కొసకు ముందు వెళ్లి, అక్కణ్నుంచి దూరపు కొసకు వెళ్లడమే. ఇక్కడ అది 200. ఇచ్చిన క్యూ మారకుండా ఉన్నంతవరకు ఏ పద్ధతీ దీన్ని దాటి తగ్గించలేదు. ఎస్‌ఎస్‌టీఎఫ్ ఒక్కోసారి దీనితో సమానం కావచ్చు, మెరుగు కావడం అసాధ్యం. దగ్గరిదాన్ని ఎంచుకోవడమంటే ఒక్క అడుగు ముందుకే చూడడం. 60 దగ్గర మూడు అడుగులు కలిసొస్తాయని 82 వైపు తిరగడం వల్లే తర్వాత 151 అడుగులు దిగాల్సి వచ్చింది.

ఒకవైపే సేవ చేసే సీ-స్కాన్, సీ-లుక్ పద్ధతుల్లో మరో చిక్కుంది. హెడ్ పై కొసకు చేరాక మధ్యలో ఆగకుండా కింది కొసకు దూకి, మళ్లీ పైకి సాగుతుంది. ఆ దూకుడును ప్రయాణంలో కలపాలా వద్దా? 2016 గేట్ పరీక్షలో సీ-లుక్ ప్రశ్నకు సమాధానం 346. అందులో హెడ్ 63 నుంచి 191కి ఎక్కి, 10కి దూకి, 47 వరకు వచ్చింది: 128, 181, 37. దూకుడును కలిపితేనే ఈ మొత్తం వస్తుంది. ప్రశ్న మరోలా చెప్పనంతవరకు కలపడమే క్షేమం.

మొత్తం ప్రయాణం అనే ఒక్క అంకె దాచిపెట్టే విషయం ఒకటుంది. క్యూ నిజంగా ఎప్పుడూ నిలకడగా ఉండదు. ఎస్‌ఎస్‌టీఎఫ్‌లో హెడ్ 150 పరిసరాల్లో ఉన్నప్పుడు అక్కడికే కొత్త కోరికలు వస్తూ ఉంటే 28 అడిగిన ప్రోగ్రాం ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటుంది. దీన్ని స్టార్వేషన్ అంటారు. స్కాన్‌లో ఈ బాధకు హద్దుంది. హెడ్ అప్పుడే దాటిపోయిన సిలిండర్‌ను ఎవరైనా అడిగితే, అటు కొసకు వెళ్లి తిరిగి వచ్చేవరకు ఆగితే చాలు. లినక్స్‌లోని `mq-deadline` ఈ హద్దును గడియారంతో పెడుతుంది. కోరికలను స్థానాల వరుసలో పేర్చుకుంటూనే, చదివే కోరికకు 500 మిల్లీసెకన్లు, రాసే కోరికకు 5 సెకన్లు గడువు రాసిపెట్టుకుంటుంది. గడువు దాటినదాన్ని ముందుకు లాగుతుంది.

సిలిండర్ల సంఖ్యను సమయంగా చదవడం కూడా పొరపాటే. చేయి కదలడం మొదలుపెట్టి వేగం పుంజుకోవాలి, గమ్యం దగ్గర నెమ్మదించి కుదురుకోవాలి. అందువల్ల 100 సిలిండర్ల జరుగుడుకు ఒక సిలిండర్ జరుగుడుకన్నా వందరెట్ల సమయం పట్టదు. హెడ్ చేరాక కూడా కావలసిన భాగం తిరిగి కిందికి వచ్చేదాకా ఆగాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఇది సగటున 4.17 మిల్లీసెకన్లు. పైగా నేటి డిస్కులు అసలు సిలిండర్ నంబర్లను బయటపెట్టవు. కోరికల వరుసను తమ లోపలే మళ్లీ మార్చుకుంటాయి. ఎస్‌ఎస్‌డీలోనైతే కదిలే హెడ్డే లేదు, కాబట్టి ఈ కూడికకు అక్కడ అర్థం లేదు.