ఈ సీనులో ఎవరికి ఏం కావాలి?

నవల రాసేవాళ్లు తరచూ చెప్పే బాధ ఒకటుంది. అధ్యాయం పూర్తవుతుంది, భాషలో తప్పుండదు, వర్ణన బాగుంటుంది, మాటలు సహజంగానే ఉంటాయి. అయినా చదివినవాళ్లు "బాగానే ఉంది" అని పక్కన పెట్టేస్తారు. అప్పుడు రచయిత సాధారణంగా వాక్యాల మీద పడతాడు. ఒక ఉపమానం చేరుస్తాడు, ఒక విశేషణం తీసేస్తాడు, మొదటి పేరా తిరగరాస్తాడు. నాలుగు రోజులు కష్టపడ్డా అధ్యాయం మాత్రం కదలదు, ఎందుకంటే లోపం వాక్యాల్లో లేదు. ఆ పేజీల్లో ఎవరికీ, ఆ క్షణాన, ఏదీ కావాల్సి రాలేదు.

అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో రచన బోధించిన డ్వైట్ స్వెయిన్ 1965లో వచ్చిన తన పుస్తకంలో సీనును మూడు ముక్కలుగా విడదీశాడు. పాత్రకు ఒక లక్ష్యం ఉండాలి, దానికి సంఘర్షణ ఎదురవాలి, చివర్లో పని బెడిసికొట్టాలి. ఈ మూడో ముక్కను తర్వాతివాళ్లు కొంచెం విశాలం చేసి మలుపు అన్నారు. పని చెడాలనే నియమం లేదు, సీను మొదలైనప్పటి పరిస్థితి ముగిసేసరికి మారి ఉంటే చాలన్నారు. మనం కోరిక, అడ్డు, మలుపు అని పిలుచుకుందాం.

ఇదేమీ పరాయి సరుకు కాదు. 'కన్యాశుల్కం' మొదటి రంగం చూడండి. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒంటరిగా నిలబడి ఉంటాడు. అప్పులవాళ్ల బాధ పడలేక విజయనగరం నుంచి బయటపడాలి, అది అతని కోరిక. ఫొటో డబ్బుల కోసం మనిషి వచ్చి నిలదీయడం అడ్డు. పరీక్ష తప్పి, తండ్రికి మొహం చూపించడానికి భయపడుతున్న వెంకటేశం ఎదురవడంతో, చదువు చెప్పే వంకతో వాడి వెంట ఊరికి పోయే దారి దొరుకుతుంది. అదే మలుపు. గురజాడ 1897లో అచ్చువేసిన నాటకాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. ఈ రంగాన్ని ఎన్నిసార్లు చదివినా గిరీశం గొప్పలు నవ్వు తెప్పిస్తూనే ఉంటాయి. ఊరు దాటాలన్న తొందర ఆ గొప్పల వెనక ఉండబట్టే అవి పేజీ మీద బరువనిపించవు.

ఇక చప్పగా ఉన్న అధ్యాయాన్ని ఎలా సరిచేయాలో చూద్దాం. ఇందుకోసం ఒక ఊహా నవలను తీసుకుందాం. హైదరాబాదులో ఉంటున్న వసంత, తండ్రి పోయిన నాలుగు నెలలకు తెనాలి దగ్గర పుట్టింటికి వస్తుంది. అధ్యాయంలో నాలుగు సీన్లున్నాయి. మొదటి దాంట్లో బస్సు దిగి, వీధి చూసుకుంటూ ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతుంది. రెండో దాంట్లో అన్నయ్యతో భోజనం, మినుముల ధర, గట్టు తగాదా కబుర్లు. మూడో దాంట్లో సాయంత్రం కాలవ గట్టున చిన్ననాటి స్నేహితుడు రాజు కలుస్తాడు, ఇద్దరూ బడి రోజులు తలుచుకుంటారు. నాలుగో దాంట్లో, రాత్రి అన్నయ్య ఒక రిలీజ్ డీడ్ తెచ్చి ముందు పెడతాడు. తండ్రి పొలంలో తన హక్కు వదులుకుంటున్నట్టు వసంత సంతకం చేయాలి. ఆమె రాత్రంతా ఆలోచించి, పొద్దున సంతకం చేయకుండానే బస్సెక్కుతుంది.

మొదటి పని ఏమిటంటే, అధ్యాయం పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోవడం. ఒక్కో సీనుకు ఒక్కో వరుస. అందులో మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఇక్కడ, ఇప్పుడు, ఎవరికి ఏం కావాలి? దాన్ని ఎవరు, ఏ పని చేసి ఆపుతున్నారు? సీను ముగిసేసరికి ఏది మారింది? జవాబు తట్టకపోతే ఖాళీ వదిలేయాలి. ఉన్న కథను ఉన్నట్టు రాయాలి తప్ప, మనసులో అనుకున్నది రాయకూడదు. రచయితలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. "వసంతకు తండ్రి లేని లోటు తెలుస్తుంది" అని మలుపు గడిలో రాసుకుని తృప్తి పడతారు. ఆ లోటు ఆమెకు బస్సెక్కక ముందే తెలుసు, కాబట్టి అది మలుపు కాదు. అలాగే "వసంతకు మనశ్శాంతి కావాలి" అన్నది కోరిక కాదు. సీను అయ్యేసరికి దొరికిందో లేదో పాఠకుడు చెప్పగలిగినదే కోరిక. ఫలానావాడితో మాట ఇప్పించుకోవడం, తాళంచెవి సంపాదించడం, ఒకణ్ణి గదిలోంచి బయటికి పంపడం లాంటివి.

మన కాగితం నింపితే మొదటి మూడు సీన్లలో కోరిక గడులు ఖాళీ. రెండో సీనులో గట్టు తగాదా ఉంది కదా, అది అడ్డు కాదా? కాదు. వసంతకు ఏమీ అక్కర్లేనప్పుడు ఆ తగాదా ఆమెను దేన్నుంచీ ఆపడం లేదు, వట్టి గొడవగానే మిగిలింది. నాలుగో సీనులో కాగితం రావడం నిజంగానే పెద్ద సంగతి. కానీ దాని మీద నిర్ణయం రాత్రి పక్క మీద, ఆలోచనల్లో జరిగిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి అక్కడ అడ్డు గడి ఖాళీ.

ఈ కాగితం ఒక మేలు చేస్తుంది. చప్పటి అధ్యాయంలో మలుపు అసలే లేకపోవడం అరుదు, ఉన్నదే ఆలస్యంగా వచ్చి ఉంటుంది. ఇక్కడ రిలీజ్ డీడ్ అలాంటిదే. కాబట్టి ముందు మలుపు పట్టుకుని, దాన్ని ఎక్కడికి జరపాలో చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిస్తే కోరిక, అడ్డు వాటంతట అవే తేలతాయి. కాగితాన్ని రాత్రి నుంచి మధ్యాహ్న భోజనానికి జరుపుదాం. అప్పుడు అంతకుముందు సీనులో వసంత దేనికోసం వచ్చిందో తెలిసి ఉండాలి. కొన్న ఫ్లాటు అప్పు తీర్చడానికి ఆమె తన వాటా అడగడానికే వచ్చింది. అన్నయ్య పొలం నుంచి వచ్చేలోపు అమ్మను తన వైపు తిప్పుకోవాలి. మొదటి సీనుకు కోరిక దొరికింది. పాత రాతలో ఆ సీను ఇలా ఉండేది:

"వసంత బస్సు దిగింది. ఎండ చురుక్కుమంటోంది. రావిచెట్టు కింద అరుగు అలాగే ఉంది. ఇంట్లోకి అడుగు పెట్టగానే అమ్మ కాఫీ తెచ్చింది. 'ప్రయాణం బాగా జరిగిందా?' అంది. నాన్న పడక కుర్చీ ఖాళీగా ఉంది."

కోరిక తెలిశాక అదే చోటు ఇలా మారుతుంది:

"'అన్నయ్య ఎప్పుడొస్తాడమ్మా?'
'నీళ్లు కట్టడానికెళ్లాడు. వస్తాడులే. ముందు కాఫీ తాగు.'
'అన్నయ్యొచ్చేలోపు నీతో ఒక మాట...'
'సుబ్బులొదినా, మా అమ్మాయొచ్చింది చూశావా!' అంటూ అమ్మ పెరటి గోడ దగ్గరికి నడిచింది."

ఎవరూ గొంతు పెంచలేదు. పొరుగావిడను పిలవడమే అమ్మ వేసిన అడ్డు. చాలామంది సంఘర్షణ అనగానే అరుపులు రాస్తారు. తెలుగు ఇళ్లలో అసలైన అడ్డు ఎక్కువగా "ముందు అన్నం తిను" రూపంలో వస్తుంది. సుబ్బులు వెళ్లాక వసంత మళ్లీ అడుగుతుంది. అమ్మ అంటుంది: "నేనుండాల్సింది వాడి దగ్గరేగా, అమ్మడూ." మలుపు ఇదే. అండ దొరుకుతుందని వచ్చిన మనిషి, ఇక ఒంటరిగా అడగాల్సి వచ్చింది. నాన్న కుర్చీ పోలేదు. వసంత నిలబడే అడిగితే, కూర్చోమని ఆ కుర్చీ చూపించేది అమ్మే.

రెండో సీనులో వసంత వాటా మాట ఎత్తాలని చూస్తుంది. ప్రతిసారీ అన్నయ్య ఆసుపత్రి బిల్లు, ఎరువుల బాకీ చెప్పుకొస్తాడు. మజ్జిగన్నం దగ్గర ఆమె నోరు తెరిచేలోపే అతను లేచి కాగితం తెచ్చి పెడతాడు. అడగడానికి వచ్చినామె, ఇవ్వాల్సిన స్థితిలో పడింది.

మూడో సీను, కాలవ గట్టు, ఎక్కువమంది రచయితలకు ప్రాణప్రదంగా ఉంటుంది. దాన్ని పరీక్షించడానికి ఒక మార్గముంది. ఆ సీను తీసేసి, తర్వాతి సీను చదవాలి. అర్థానికి లోటు లేకపోతే, సీను పోవాలి లేదా దానికి పని ఇవ్వాలి. పని ఇద్దాం. రాజు ఇప్పుడు దస్తావేజు లేఖరి. వసంత కాగితం మడిచి తీసుకెళ్లి, ఇందులో ఏముందో చెప్పమంటుంది. రాజు మాట దాటేస్తాడు, ఎందుకంటే దాన్ని రాసింది అతనే. చివరికి ఏమీ చెప్పకుండా కాగితం తిప్పి ఆమె చేతికిస్తాడు. స్టాంపు కాగితం మీద అమ్మిన తేదీ, కొన్నవారి పేరు వెండరు రాస్తాడు కదా. తేదీ పెద్దకర్మ మర్నాటిది, కొన్నవారి పేరు అమ్మది. ఇప్పుడు పొద్దున అమ్మ అన్న మాటకు అర్థమే వేరు. బడి రోజుల జ్ఞాపకాలు రెండు వాక్యాలకు తగ్గుతాయి. రాజు మౌనం ఎంత కష్టమో చెప్పడానికి ఆ రెండూ చాలు.

నాలుగో సీనులో వసంతకు కావాల్సింది అన్నయ్య నుంచి కాదు, అమ్మ నోటి నుంచి నిజం. అన్నయ్య పెన్ను చేతిలో పెడుతూ తొందరపెడతాడు. అమ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తదు. వసంత కాగితం తిప్పి ఆ పేరు పైకి చదువుతుంది. అన్నయ్య కూడా అమ్మవైపు చూస్తాడు, అతనికీ ఆ సంగతి తెలియదు. రాత్రంతా ఆలోచించడం అనవసరమైపోయింది. వసంత కాగితం సంచిలో పెట్టుకోవడమే నిర్ణయం.

ఇక రెండో తనిఖీ. ప్రతి మలుపు పక్కన, అది పాత్రకు లాభమా నష్టమా అని గుర్తు పెట్టుకోవాలి. మన దాంట్లో మొదటి రెండూ నష్టాలు, మూడోది చేదైనా చేతికొచ్చిన ఆయుధం, నాలుగోది ఆమె చొరవ. నాలుగూ నష్టాలే అయితే మూడో దెబ్బకే పాఠకుడు అలవాటు పడతాడు, అధ్యాయం మళ్లీ చప్పబడుతుంది.

ఈ కొలతకు హద్దులూ ఉన్నాయి. రాసిన ప్రతి పేరా సీను కాదు. కాలం గడవడం, ఊరు మారడం లాంటివి నాలుగు వాక్యాల్లో చెప్పి దాటేయవచ్చు, వాటికి కోరిక వెతకడం శుద్ధ దండగ. పెద్ద దెబ్బ తగిలాక పాత్ర తేరుకుని, ఎటు పోవాలో తేల్చుకునే విరామాన్ని స్వెయినే సీను నుంచి వేరుచేసి చెప్పాడు. అక్కడ అడ్డు పెడితే పాఠకుడికి ఊపిరి సలపదు. జ్ఞాపకాల తీగ లాగుతూ సాగే నవలలూ ఉన్నాయి, అలాంటి వాటిలో కోరిక పాత్రది కాకపోవచ్చు, కథ చెప్పే గొంతుది కావచ్చు. గడులు నింపడం కోసం తెచ్చిపెట్టిన అడ్డు కూడా ఇట్టే తెలిసిపోతుంది. సరిగ్గా కావాల్సిన సమయానికి వచ్చే ఫోను, పంచరైన బస్సు టైరు ఎవరి కోరికలోంచీ పుట్టినవి కావు. అమ్మకూ అన్నయ్యకూ రాజుకూ తలా ఒక అవసరం ఉండబట్టే వాళ్లు వసంతకు అడ్డొచ్చారు. అడ్డు దొరక్కపోతే బయట వెతక్కుండా, ఆ సీనులో ఉన్న రెండో మనిషికి ఏం కావాలో అడగండి.

వాక్యాల పని ఇదంతా అయ్యాకే. ముందే చెక్కిన వాక్యం మీద మమకారం పెరుగుతుంది, దాన్ని కాపాడటానికి పనికిరాని సీనును కూడా ఉంచేస్తాం. నాలుగు వరుసలూ నిండాక అధ్యాయం తెరిస్తే, ఏ వర్ణన ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి ఎక్కువ సేపు పట్టదు.